రేగ్‌మాల్ లాంటి వీపు

మా నాయన వడ్రంగి. అమీర్‌పేటలో మా ఇంటి వసారాలో రేగ్‌మాల్ ముక్కలు ఎప్పుడూ పడి ఉండేవి. చెక్కను నునుపు చేసే గరుకు కాగితానికి మేమెరిగిన పేరు అదే.

నాకు పదేళ్లప్పుడు, ఆరేళ్ల చెల్లెలికి జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. మర్నాటికి ఒంటినిండా సన్నటి పొక్కులు లేచాయి. ఒళ్లు తుడుస్తూ, "నాయనా, చెల్లె వీపు నీ రేగ్‌మాల్ లెక్క ఉన్నది" అన్నాను.

"అట్లయితే గా పీటకు రుద్దు, నున్నగైతది" అన్నాడు నాయన. చెల్లెలు కూడా నవ్వింది.

తట్టు అనుకున్నాం. మేం క్రైస్తవులం, అమ్మవారు పోసిందని మా ఇంట్లో ఎవరూ అనరు. కాని తట్టుకు మందు పెడితే లోపలికి పోతుందన్న భయం మాత్రం మాలో మిగిలింది. ప్రార్థన చేశాం. వారంలో తగ్గింది. మూడు వారాలకు మోకాళ్లు వాచాయి, తర్వాత మణికట్లు. గుండె దెబ్బతిన్నది. రెండేళ్లకు చెల్లెలు పోయింది.

పందొమ్మిది వందల నలభైల చివర, నా కూతురికి అదే వయసులో అదే జ్వరం వచ్చింది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడలేదు. వీపు మీద చెయ్యి పెట్టగానే అదే రేగ్‌మాల్ గరుకని నాకు తెలిసింది.

"తట్టే. సూది ఎయ్యనియ్యకు బిడ్డా" అంది అమ్మ.

అయినా పంజాగుట్టలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అమ్మ వెంట వచ్చింది.

"జర కిటికీ దిక్కు తిప్పమ్మా" అని డాక్టరమ్మ గొంతు చూసింది. నాలుక ఎర్రగా, బుడిపెలుగా ఉంది. చంకల్లో పొక్కులు దట్టంగా ఉన్నాయి. "దగ్గు, జలుబు లేవు, కండ్లు ఎర్రగ లేవు. తట్టు కాదు. గొంతులో మొదలైన జబ్బు ఇది. స్కార్లెట్ ఫీవర్ అంటరు. పెన్సిలిన్ సూది రోజూ ఇయ్యాలె, పది రోజులు."

"నా చిన్నబిడ్డకు గప్పుడు గీ సూది ఇప్పిస్తే బతుకుతుండెనా?" అని అమ్మ అడిగింది.

"గప్పుడు గీ మందే లేదమ్మా. ఇప్పుడున్నది."

నాలుగో రోజుకు జ్వరం పూర్తిగా పోయింది. పిల్ల వాకిట్లో ఉరుకుతోంది.

"ఇగ చాలు, పిల్లను పొడిపియ్యకు" అంది అమ్మ.

"నడుమ ఆపితే జబ్బు గొంతులోనే ఉంటదట. గుండెకు పోయేది అటెన్కనేనట. చెల్లె సుత గిట్లనే ఉరికింది గదనే."

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ పిల్లకు తల దువ్వి, చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మిగిలిన ఆరు సూదులకూ తనే తీసుకుపోయింది.

తర్వాత పిల్ల వేళ్ల కొసల్లో చర్మం పొరలుగా ఊడింది. అది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. కాని అమ్మ చూసేది వేళ్లను కాదు. నెల దాటేదాకా రోజూ పొద్దున పిల్ల మోకాలు నొక్కి, "నొస్తుందా?" అని అడిగేది. లేదని పిల్ల చెప్పగానే రెండో మోకాలు పట్టుకునేది.