మే నెల ఐసు దిమ్మ ఖరీదు

నేను చేసిన నీచమైన పనుల్లో ఒక్కదానికే పైసాతో సహా లెక్క చెప్పగలను.

నెల్లూరు జిల్లా సముద్రపొడ్డున, చేపల రేవు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. నాయుడుపేటలో బీకాం చదివొచ్చిన పొగరు నెత్తికెక్కి ఉండేది. చేరిన వారంలోనే ఉప్పు బస్తాల బిల్లు చూసి, “ఉప్పేస్తే ఐసు ఉప్పగా ఉండదా?” అని మిషన్ నడిపే పెద్ద మేస్త్రీని అడిగాను. ఉప్పునీళ్లు డబ్బాల చుట్టూ తొట్టిలో ఉంటాయనీ, మంచినీళ్లు డబ్బాల్లో గడ్డకడతాయనీ నాకేం తెలుసు? ఆయన విరగబడి నవ్వి రేవంతా చాటాడు. ఆ రోజు నుంచి నా పేరు ‘ఉప్పు బీకాం’. చేపలమ్మే ఆడవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. ఆయనకది ఉత్త వేళాకోళం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

రెండేళ్ల తర్వాత ఓనరు ఖర్చు తగ్గించాలనుకున్నాడు. ఇద్దరు మేస్త్రీల్లో ఒక్కరు చాలన్నాడు. రెండో మేస్త్రీ ఓనరు బావమరిదే. వేట జోరుగా సాగే చలికాలమంతా మిషన్ దగ్గరుండి, వేసవిలో మరపడవలకు వేట నిషేధం రాగానే ఊరెళ్లిపోయేవాడు. ఆ ఎండల్లో మిషన్ నడిపేది పెద్దాయనే. మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు. తెప్పలవాళ్లకూ, బుట్టల్లో చేపలమ్మే ఆడవాళ్లకూ అప్పుడూ ఐసు కావాలి.

“జనవరీ మే పక్కపక్కన పెట్టు. ఎవడి చేతిలో దిమ్మ ఖరీదెక్కువ పడతా ఉందో వాడు పోతాడు” అన్నాడు ఓనరు.

లెక్క వేశాను. లీజు, జీతాలు, బ్యాంకు వడ్డీ, ఇన్సూరెన్సు కలిపి ఏడాదికి ఇరవై నాలుగు లక్షలు. మిషన్ తిరిగినా ఆగినా కట్టాల్సిందే. పన్నెండు నెలలకు సమానంగా పంచితే నెలకు రెండు లక్షలు. జనవరిలో ఎనిమిది వేల దిమ్మలు తీశాం గనక దిమ్మకు ఇరవై ఐదు రూపాయలు పడింది. మేలో తీసింది ఐదు వందలే, దిమ్మకు నాలుగు వందలు పడింది. కరెంటు, నీళ్లు, ఎత్తుడు కూలి ఏ నెలైనా దిమ్మకు అరవై. మొత్తానికి జనవరి దిమ్మ ఎనభై ఐదు, మే దిమ్మ నాలుగు వందల అరవై. మేం అమ్మేది నూట ఇరవైకి.

ఆ పంపకం అన్యాయమని నాకు తెలుసు. ఏడాది ఖర్చును ఏడాదిలో తీసే అరవై వేల దిమ్మల మీద పంచితే దిమ్మకు నలభై. అరవై కలిపితే జనవరిలోనూ వందే, మేలోనూ వందే. మేలో రాబట్టుకోలేనిది జోరు నెలల్లో వచ్చేస్తుంది. ఆ కాగితం కూడా రాశాను. మడిచి జేబులో పెట్టుకుని, మొదటిదాన్ని అందరి ముందూ చదివాను.

పెద్దాయన ముఖం పాలిపోయింది. “అయ్యా, ఆ లీజు నేను తాగినానా? మా ఇంట్లో పది నెలల వేటతోనే పన్నెండు నెలలూ తింటాం. మే నెల కూడు మే నెల చేపలే పెట్టాలంటే మేమంతా ఎప్పుడో చచ్చుండాల.”

ఓనరు నావైపు తిరిగాడు. “ఏమయ్యా, చదువుకున్నోడివి. ఇంకో రకంగా లెక్క ఉందా?”

“లేదు సార్” అన్నాను. జేబులో కాగితం గరగరమంది. నాకు సంతోషమే కలిగింది, దాచడమెందుకు?

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మరుసటి మేలో బావమరిది ఊరికి పోతే మిషన్ ఆగింది. పెద్దాయన జీతం తప్ప ఆ రెండు లక్షల్లో తగ్గింది లేదు. దిమ్మకు మిగిలే అరవై చొప్పున, ఐదు వందల దిమ్మల మీద ముప్పై వేలు పోయాయి. ఐసు లేక ఆడవాళ్ల బుట్టలు మధ్యాహ్నానికే కంపు కొట్టేవి.

పోయిన ఏడాది ఆయన ఒక రొయ్యల గుంట దగ్గర కాపలా కాస్తూ కనబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. “రా అబ్బయా, ఉప్పు బీకాం!” అని నవ్వి, ఫ్లాస్కులోంచి తనకున్న టీలో సగం నాకు పోశాడు. ఆ నవ్వు చూసి ఉండబట్టలేక రెండో కాగితం సంగతి చెప్పేశాను.

“ఆ పొద్దు నీ జోబులోనే ఉండిందా?”

“ఉంది మామా.”

గుంటలో నీళ్లు చిలికే చక్రాల వైపు తిరిగాడు. “పిల్లోడు, తెలీక చేసినాడులే అని ఇన్నాళ్లూ మా ఆడోళ్లకు చెప్పుకుంటా వచ్చినా. నిన్ను తిట్టనీలా.”

క్షమించమన్నాను. ఆయన లేచి నా చేతిలోని గ్లాసు తీసుకుని కడిగి బోర్లించాడు.

“పోండి సార్” అన్నాడు. “పొద్దు పోతా ఉంది.”