హెడ్‌మేడమ్ రుమాలు

వార్షికోత్సవంలో పాట పాడాల్సిన రెండో తరగతి పిల్ల బుగ్గన తేనె అంటిందనుకుని, హెడ్‌మేడమ్ తన రుమాలుతో గట్టిగా తుడిచింది. తర్వాత అదే రుమాలుతో తన ముక్కు కింద చెమట అద్దుకుంది.

అది తేనె కాదు, ఇంపెటిగో అనే చర్మవ్యాధి పుండు మీద కట్టిన తేనె రంగు పక్కు. బడి నర్సమ్మ చూడగానే పిల్ల తల్లిని పిలిపించింది.

"ఇది అంటుకుంటుందమ్మా. డాక్టరు రాసిచ్చే ఆయింట్‌మెంటు తెచ్చుకో. సబ్బునీళ్ళతో పక్కు నానబెట్టి మెల్లగా తీశాక రాయి. రాసిన చేతులు కడుక్కో, దాని తువ్వాలు వేరే పెట్టు. మందు మొదలెట్టి రెండు రోజులు గడిచాకే బడికి."

"ఈ మాత్రానికే ఇంటికా? పాట నువ్వు పాడతావా? కాస్త పౌడరు రాసి కూర్చోబెట్టు!" అని హెడ్‌మేడమ్ నర్సమ్మను కసిరింది. జబ్బులు కూడా తన సర్క్యులరు చూసుకునే నడుస్తాయని ఆవిడ నమ్మకం.

నర్సమ్మ ఆ అరుపుల్ని ఏళ్ళ తరబడి ఫ్యాను చప్పుడులాగే వింటోంది. ఆ రుమాలు వేడినీళ్ళలో ఉతికించుకోమని మాత్రం చెప్పింది. హెడ్‌మేడమ్ దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. నర్సమ్మ పిల్లను గేటు దాకా సాగనంపి వచ్చింది.

ఉత్సవం నాటికి పిల్ల బుగ్గ నున్నగా అయింది. హెడ్‌మేడమ్ ముక్కు కింద మాత్రం, పట్టుచీరకు సరిజోడుగా, తేనె రంగు పక్కు మెరుస్తోంది. నర్సమ్మ ఆవిడను స్టేజీ మెట్ల దగ్గరే ఆపేసింది.

"ముఖ్య అతిథి పక్కన నేను లేకపోతే ఎలా? ఈ మాత్రానికే నన్ను ఇంటికి పంపిస్తావా?"

"పోనీ, కాస్త పౌడరు రాయమంటారా మేడమ్?"