మైనస్ వస్తే ఇరవై ఆరు

అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిలిప్ కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. మామిడికుదురు నుంచి బైకు మీద వస్తాడు. ఆయన క్లాసు ఎవరూ ఎగ్గొట్టరు.

రహస్య లిపి పాఠానికి ఆయన ఏటా బోర్డు మీద ఒకే లెక్క వేసేవాడు. ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ ఓ అంకె. దాన్ని ఏడుతో గుణించి, ఇరవై ఆరుతో భాగించగా వచ్చిన శేషమే రహస్య అక్షరం. వెనక్కి తేవాలంటే ఏడుకు విలోమం కావాలి: ఏడుతో గుణించి ఇరవై ఆరుతో భాగిస్తే శేషం ఒకటి రావాలి. యూక్లిడ్ పద్ధతిలో భాగహారాలు చేసుకుంటూ వెనక్కి వస్తే మైనస్ పదకొండు తేలుతుంది.

"మైనస్ వస్తే ఇరవై ఆరు కలిపెయ్యండమ్మా. పదిహేను," అనేవాడు. ప్రోగ్రాంలోనూ అదే రాయించేవాడు. ఆ ఇరవై ఆరు అనేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్య అనీ, అది మారితే కలిపేదీ మారాలనీ చెప్పడం ఆయనకు తట్టలేదు. పిల్లలు అడగలేదు.

నిరుడు చివరి ల్యాబు పరీక్షకు బయటి కాలేజీ నుంచి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఎగ్జామినరుగా వచ్చారు. ఫిలిప్ విద్యార్థిని సత్యశ్రీకి ఈ ప్రోగ్రామే పడింది. ఆ అమ్మాయికి హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఒక్క సబ్జెక్టు పోయినా ఉద్యోగం ఇవ్వం అన్నది వాళ్ల షరతు.

"అక్షరాలతోపాటు ఖాళీ, కామా, చుక్క కూడా పెట్టమ్మా. మొత్తం ఇరవై తొమ్మిది," అన్నారాయన.

సత్యశ్రీ ప్రోగ్రాం మొదట్లో ఉన్న సంఖ్య మార్చింది. రహస్య లిపిని వెనక్కి తెస్తే తెర మీద అర్థంలేని అక్షరాలు వచ్చాయి.

"విలోమం ఎంతొచ్చింది?"

"ఇరవై రెండండీ."

"ఏడు ఇరవై రెళ్లు నూట యాభై నాలుగు. ఇరవై తొమ్మిదితో భాగిస్తే శేషం తొమ్మిది. ఒకటి రావాలి కదా?"

"ఆయ్."

"ఇరవై తొమ్మిదిలోంచి నాలుగేడులు తీస్తే ఒకటి. అంటే మైనస్ నాలుగు. అక్కడిదాకా బానే వచ్చేవు. దానికి ఇరవై ఆరు కలపమని ఎవరు చెప్పేరు?"

సత్యశ్రీ ఫిలిప్ వైపు చూసింది. ఫిలిప్ హాజరు పట్టీలోకి చూశాడు.

"నేనే అలా అనుకున్నానండీ," అంది.

ఇరవై తొమ్మిది కలిపితే ఇరవై అయిదు వచ్చేది. తప్పు నాది అని ఫిలిప్ అనడానికి ఆ గదిలో చాలా సమయం ఉంది. అనలేదు. సాయంత్రం ఆయన నోరు విప్పేసరికి సత్యశ్రీ తప్పినట్టు మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి.

"అప్పుడే చెప్పాల్సిందండీ," అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు.

సత్యశ్రీ సప్లిమెంటరీలో గట్టెక్కింది. హైదరాబాద్ ఉద్యోగం మాత్రం అందాకా ఆగలేదు, చేజారిపోయింది. ఇప్పుడు కొత్తపేటలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో బిల్లులు కొడుతోంది. మొన్న అద్దం మార్పించుకోవడానికి ఫిలిప్ అక్కడికే వెళ్లాల్సి వచ్చింది.

"బాగున్నారా సార్? ఇరవై ఆరు మార్చేరా?"

"మార్చేనమ్మా. ఎంతతో భాగిస్తే అంతే కలపమంటున్నా."

"మంచిదండీ. మా తరవాతోళ్లకి పనికొస్తాది."

ఎందుకు నా పేరు చెప్పలేదని అడగాలనుకున్నాడు. వెనకాల ఇంకొకాయన బిల్లు కోసం నిలబడ్డాడు. ఫిలిప్ పక్కకు జరిగాడు.