ఇవ్వని మాత్ర

అనంతగిరి కొండమీది క్షయ ఆసుపత్రిలో నేను డాక్టరుగా చేరి నాలుగేళ్లు. నా తర్వాత వచ్చిన కుర్ర డాక్టరు మద్రాసులో చదివొచ్చి చేరి నాలుగు నెలలే. అయినా శనివారం అందరం కూర్చుని ఎక్స్‌రేలు చూసేటప్పుడు పెద్ద డాక్టరు మొదట అతన్నే అడిగేవారు. నాకు కడుపు మండేది.

ఆ చలికాలం తాండూరు నుంచి కందుల వ్యాపారి కోడలు వచ్చింది. మోకాళ్ల కింద ముట్టుకోనివ్వని ఎర్రటి గడ్డలు, చీలమండల వాపు, సన్నటి జ్వరం, పొడి దగ్గు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మొదళ్ల దగ్గర గ్రంథులు వాచి ఉన్నాయి. గ్రంథులు వాస్తే క్షయే అనుకోవడం కొండమీద మాకు అలవాటు. కళ్లె పరీక్ష ఫలితం రాకముందే క్షయ సూదులు మొదలుపెట్టించాను. ఆర్నెల్ల కూతుర్ని దగ్గరికి తేవద్దన్నాను. అత్తగారి చేతుల్లో ఆ పాప కిటికీ బయట ఏడ్చేది.

మూడుసార్లు చూసినా కళ్లెలో క్రిములు లేవు. చేతిమీద వేసిన క్షయ పరీక్షకు చర్మం ఉబ్బలేదు.

శనివారం అతను ఫిల్మును వెలుతురుకు పట్టుకున్నాడు. "రెండు దిక్కుల ఒక్క తీరుగ వాచినయి. ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయి. క్షయ కాదు, గ్రంథులు వాచే వేరే జబ్బు, సార్కాయిడోసిస్ అనిపిస్తున్నది. గిది అంటుకునేది కాదు."

మెడ గ్రంథి ముక్క హైదరాబాదు పంపితే, క్షయలో ఉండే జున్నులాంటి కుళ్లు ఇందులో లేదని జవాబొచ్చింది. సూదులు ఆపేశారు. పాపను తల్లి ఒళ్లో పెట్టారు. ఆమె అతనికి దండం పెట్టింది, నేను పక్కనే ఉన్నాను.

ఎలాగైనా పరువు నిలుపుకోవాలని, "అయితే రేపే స్టెరాయిడ్ మొదలుపెడదాం" అన్నాను.

"వద్దు, అన్నా. గీ తీరుది చానామందికి దానంతట అదే తగ్గుతది. నొప్పులకు మాత్రలు చాలు. కండ్లు, గుండె చూసిన, మంచిగున్నయి. కన్ను మసకైనా, గుండె లయ తప్పినా, ఊపిరితిత్తులు చెడి ఆయాసం వచ్చినా అప్పుడు ఇద్దాం."

పెద్ద డాక్టరు తలూపారు.

తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. ఆమె చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా నేనే ముందు పిలిచేవాణ్ని. చూపు మసకేస్తోందా, మెట్లెక్కితే ఆయాసమా అని గుచ్చిగుచ్చి అడిగేవాణ్ని. అవునంటే బాగుండునని ఆశ. ఆమె ఏమైపోయినా సరే, అతని మాట తప్పాలి.

ఆమె వచ్చిన తొమ్మిదో నెలలో తీసిన ఎక్స్‌రేలో గ్రంథులు దాదాపు మామూలుగా ఉన్నాయి. ఎక్కడైనా కొత్త మచ్చ ఉందేమోనని మూలమూలా వెతికాను. ఏమీ లేదు. నా ముఖం వాడిపోయింది.

ఆమె ఎక్స్‌రే వైపు కాదు, నా ముఖం వైపే చూస్తోంది. చంకలోని పాపను మెల్లగా దించి, ఒక అడుగు అవతల నిలబెట్టింది.

"మళ్ల వచ్చిందా డాక్టర్ సాబ్? బిడ్డను దూరం పెట్టాల్నా?"

"లేదు, ఎత్తుకో తల్లీ" అని, నేనే పాపను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాను.