నాకు మాత్రమే తెరుచుకున్న పేజీ

ఆయుధ పూజకు మా ఇంట్లో శుభ్రం చెయ్యని వస్తువు ఉండదు. తాతల కాలంలో గుడి గంటలు, హారతి పళ్ళేలు చింతపండుతో తోమేవారు. నా కాలానికి వచ్చేసరికి బాగేపల్లి బస్టాండు దగ్గర నేను నడిపే ఆన్‌లైన్ సెంటరులో కీబోర్డులు దులిపి, ప్రింటరు తుడిచి, ప్రతి మానిటరుకూ విభూతీ కుంకుమా పెడతాను. గుమ్మడికాయ కొట్టే పని కూడా నాదే. ఆ దసరాకు ఒంట్లో శుభ్రం ఎక్కువై, కళ్ళకు కనబడని దాన్ని కూడా తుడిచాను. అక్కడే నా కొంప మునిగింది.

చింతామణిలో ఒక ట్రస్టు వాళ్ళ ఆడపిల్లల హాస్టలు ఉంది. దాని వెబ్‌సైటు చూసుకునేది నేనే. సర్వరు బెంగళూరులో అద్దెకు తీసుకున్నది. దాని ముందు సీడీఎన్ అని ఇంకో సంస్థ కాపలా ఉంటుంది. సైటు తెరిచేవాళ్ళు ముందు దాని దగ్గరికి వెళతారు, అది మా సర్వరు దగ్గరికి వచ్చి పేజీ తీసుకుపోయి వాళ్ళకు చూపిస్తుంది. సర్వరు గడపలో ఫైర్‌వాల్ ఉంటుంది. ఎవరెవరి ఇంటర్నెట్ నంబర్లను లోపలికి రానివ్వాలో దాని దగ్గర ఒక జాబితా. జాబితాలో లేనివాడు తలుపు కొట్టినా అది పలకదు, పొమ్మని కూడా అనదు.

పూజ ముందు రోజు ఆ జాబితా తెరిచి చూశాను. నా సెంటరు నంబరు పక్కన నేను రాసుకున్న గుర్తు ఉంది. మిగతా పదిహేను వరసలకు పేరూ లేదు, ఊరూ లేదు. నాకంటే ముందు సైటు చూసినాయన పెట్టిపోయినవి. ఎవరో పాత కాంట్రాక్టు మనుషులవి అయ్యుంటాయి, ఇన్నాళ్ళూ తలుపులు బార్లా తెరిచి పెట్టుకున్నామే అనుకుని అన్నీ తీసేశాను. తర్వాత సైటు తెరిచాను. మొదటి పేజీ చక్కగా వచ్చింది. ఆ మొదటి పేజీ నకలు సీడీఎన్ తన దగ్గర దాచుకుని ఉంటుందని, నాకు కనబడింది ఆ నకలేనని తెలియనంత కొత్తవాణ్ణి కాదు నేను. కానీ పండగ హడావుడిలో ఆ మాట తట్టలేదు. సర్వరుకు కూడా మనసులోనే బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను.

పండగ సెలవులు అయిపోయిన సోమవారం పది గంటలకు హాస్టలు అర్జీలు తెరుచుకుంటాయి. నలభై మంచాలు. ముందు వచ్చిన అర్జీకి ముందు మంచం. ఆ ట్రస్టు పద్ధతి అది, ఎవరి సిఫారసూ నడవదు.

ఆ రోజు నేను షట్టరు ఎత్తేటప్పటికే ఒక తల్లీ కూతురూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మిట్టేమరి నుంచి మొదటి బస్సుకు వచ్చారట. పిల్లకు చింతామణిలో నర్సింగు సీటు వచ్చింది. హాస్టలు దొరక్కపోతే రోజూ రెండు బస్సులు మారి పోవాలి. సాయంత్రం ఆలస్యమైతే ఊరికి బస్సు ఉండదు. హాస్టలు లేకుంటే చదువు వద్దని తండ్రి ముందే తేల్చేశాడు. ఆ మాట చెప్పేటప్పుడు తల్లి కూతురి వైపు చూడలేదు. దాఖలా కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకుని వచ్చింది ఆ పిల్ల. ఈ సైటు చూసేది నేనే, మొదటి అర్జీ మీదే అన్నాను. గొప్పగా అన్నాను.

పది కొట్టింది. అర్జీ పేజీ నొక్కాను. తెల్లటి తెర మీద మూడు బొమ్మలు. మీ బ్రౌజరు బాగుంది, మా సీడీఎన్ బాగుంది, మీ సర్వరు మాత్రం అందడం లేదు, కనెక్షన్ టైమౌట్ అని రాసి ఉంది. మళ్ళీ నొక్కాను. అదే. సర్వరు నంబరు నేరుగా కొట్టి చూశాను. పేరు కలవలేదని బ్రౌజరు హెచ్చరించింది, పరవాలేదని ముందుకు పోయాను. అర్జీ పేజీ కళకళలాడుతూ తెరుచుకుంది. అద్దె సర్వరు వాళ్ళకు ఫోన్ చేస్తే, సర్వరు గుండ్రాయిలా ఉంది, మా వైపు ఏ లోపమూ లేదన్నారు. నేరుగా పోతే పనిచేస్తోంది, సీడీఎన్ గుండా పోతే లేదు. అంటే తప్పు సీడీఎన్‌దే. నాకు అంతకంటే ఆలోచించే ఓపిక లేదు.

హాస్టలు సెక్రటరీ ఫోన్ చేసింది. రిటైరైన టీచరమ్మ, మాట కచ్చితం. తప్పు మన వైపు కాదమ్మా, ఆ సీడీఎన్ కంపెనీ వాళ్ళది, పది నిమిషాల్లో సరైపోతుందని చెప్పాను. ఆ పది నిమిషాలు ఆ రోజు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు.

సీడీఎన్ వాళ్ళకు సందేశం పెడితే, మీ ఫైర్‌వాల్‌లో మా నంబర్లకు అనుమతి ఉందో లేదో చూడండి అని మరమనిషి జవాబు వచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫైర్‌వాల్‌ను మొన్ననే నా చేతులతో శుభ్రం చేశాను, నాకు చెప్పొచ్చాడు పెద్ద అని తిట్టుకుని ఆ కిటికీ మూసేశాను. తర్వాత ఎక్కడో చదివిన సలహా పట్టుకుని ఎన్‌క్రిప్షన్ మోడ్ మీద పడ్డాను. సీడీఎన్‌కూ సర్వరుకూ మధ్య మాటలు కూడా తాళం వేసుకునే జరగాలి, సర్టిఫికెట్టు కూడా సరిచూడాలి అనే గట్టి మోడ్‌లో ఉండేది. దాన్ని తాళం అక్కర్లేని మెత్తటి మోడ్‌కు మార్చాను. అదే టైమౌట్. మార్చింది మార్చినట్టే వదిలేసి ఇంకోదాని మీద పడ్డాను. కుడితిలో పడ్డ ఎలుక కూడా నాకంటే పద్ధతిగా కొట్టుకుంటుంది.

పన్నెండు దాటింది. బెంచీ మీద నుంచి ఆ తల్లి లేచి వచ్చి నా తెర వైపు చూసింది. అందులో నేరుగా తెరిచిన అర్జీ పేజీ ఉంది.

"నీకు తెరుచుకుంటాండాది కదప్పా. ఆడ్నే మా పిల్లది రాసెయ్యరాదా?"

రాయొచ్చు. నిక్షేపంగా రాయొచ్చు. అందులో రాసినా చేరేది అదే సర్వరుకు. కానీ అది దొడ్డిదారి, అందరికీ మూసుకున్నప్పుడు ఒక్కరిని పంపడం ధర్మం కాదని ఆమెకు పాఠం చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ధర్మం సగమే. నా సైటు నేను బాగు చేసుకోలేక దొడ్డిదారి పట్టానని పేరు వస్తుందేమోనన్న పొగరు మిగతా సగం. ఆమె తల ఊపి పోయి కూర్చుంది.

రెండున్నరకు, ఏమీ తోచక, ఆ పిల్లను పిలిచి ఆమె ఫోన్‌లో కూడా సర్వరు నంబరు నేరుగా కొట్టమన్నాను. తన మొబైల్ డేటాలోనే కొట్టింది. తిరిగింది, తిరిగింది, రాలేదు. నా తెరలో మాత్రం వస్తూనే ఉంది. పిల్ల ఒకసారి తన ఫోన్ వైపు, ఒకసారి నా తెర వైపు చూసింది.

"ఇది నీకొక్కడికే తెరుచుకుంటాండాదేమో అప్పా," అంది.

ఫైర్‌వాల్ జాబితా మళ్ళీ తెరిచాను. నేరుగా పోతే పనిచేస్తోందని పొద్దుటి నుంచి నేను ఊరంతా చాటింది ఒట్టి మాట. నా సెంటరు నంబరు జాబితాలో ఉంది కాబట్టి నాకు తెరుచుకుంది, అంతే. నేను కడిగిపారేసిన ఆ పదిహేను వరసలు సీడీఎన్ నంబర్లు. వాటిని తీసేసి, కాపలావాణ్ణే బయటికి తోసి తలుపు మూశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నాలుగున్నర గంటలు లోకాన్నంతా తిట్టాను.

అరగంట పడుతుంది, మీరు పోయి భోంచేసి రండమ్మా అని వాళ్ళను పంపించాను. పొద్దుటి నుంచి వాళ్ళు ఏమీ తినలేదు. వాళ్ళ ఎదురుగా నా తప్పు దిద్దుకోవడం నాకు ఇష్టం లేదు, అదీ నిజమే. సీడీఎన్ వాళ్ళు తమ నంబర్లన్నీ ఒక పేజీలో బాహాటంగా పెట్టి ఉంటారు. ఒక్కొక్కటీ చూసి జాబితాలో ఎక్కించి, ఈసారి ప్రతిదాని పక్కనా ఇది సీడీఎన్‌ది అని రాశాను. సైటు తెరిచాను. టైమౌట్ పోయింది. దాని బదులు, మరీ ఎక్కువసార్లు దారి మళ్ళిస్తున్నారని కొత్త తప్పు వచ్చింది.

మెత్తటి మోడ్. పొద్దున నేనే మార్చి మరిచిపోయినది. సీడీఎన్ తాళం లేకుండా సర్వరు దగ్గరికి పోతోంది, సర్వరేమో తాళంతో రమ్మని తిప్పి పంపుతోంది, ఆ మాట పట్టుకుని బ్రౌజరు మళ్ళీ వస్తే సీడీఎన్ మళ్ళీ తాళం లేకుండానే పోతోంది. గానుగెద్దు తిరుగుడు. గట్టి మోడ్‌కు తిరిగి మార్చాను. సర్వరు సర్టిఫికెట్టు సరిగానే ఉంది. ఈసారి ఒక్క నొక్కుకు అర్జీ పేజీ తెరుచుకుంది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

ఆ సంతోషంలో చేసిన మొదటి పని సెక్రటరీకి ఫోన్. సరి చేసేశానమ్మా అన్నాను. ఎవరి తప్పో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె వెంటనే తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. గూళూరులో, చాకవేలులో, ఇంకా ఎక్కడెక్కడో పొద్దుటి నుంచి ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా సైటు మీద పడ్డారు.

తల్లీ కూతురూ హోటలు నుంచి వచ్చేసరికి పావుగంట అయ్యుంటుంది. అర్జీ నింపడానికి ఆ పిల్ల ఫోన్‌కు వచ్చే ఓటీపీ నంబరు కావాలి, ఆమె లేనిదే నేను నింపలేను. పిలవడానికి మాత్రం పది అడుగులు వేస్తే చాలు, హోటలు పక్కనే. వెయ్యలేదు. పిల్ల గబగబా నింపింది, ఒక్క తప్పు లేదు. చివర వరస సంఖ్య వచ్చింది. నలభై ఒకటి.

తల్లికి చదవడం రాదు. "మొదటిదేనా అప్పా?" అని అడిగింది. పిల్లే చెప్పింది, కాదమ్మా అని.

మర్నాడు పొద్దున్నే చింతామణి పోయి సెక్రటరీ ఎదుట నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న పదిగంటలకే నా తప్పేమో అమ్మా అనుంటే, సైటు ఆపేసి కాగితం మీద అర్జీలు తీసుకుంటా ఉంటిని కదప్పా. నీ ముందర కూర్చున్న పిల్లది మొదటిది అయ్యుండు. ఇప్పుడు నలభై పిల్లోళ్ళకు మాట ఇచ్చేసినాము, ఎవుర్ని లేపేది?"

ఎవరైనా ఖాళీ చేస్తే మొదటి మంచం ఆ పిల్లకే అని పుస్తకంలో రాసుకుంది. మిట్టేమరికి పోయి ఆ పిల్ల తండ్రి కాళ్ళావేళ్ళా పడ్డాను. మంచం దొరికేదాకా బస్సులో పోతుంది, పంపించు, ఇది నా వల్ల జరిగింది అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, దీపావళి దాకా చూస్తానన్నాడు.

ఇప్పుడు రోజూ నేను షట్టరు ఎత్తేటప్పటికి ఆ పిల్ల చింతామణి బస్సు కోసం నా మెట్ల దగ్గర నిలబడి ఉంటుంది. భుజాన సంచీ, కళ్ళ నిండా నిద్ర. బస్సు వచ్చేలోగా ఫోన్ తీసి హాస్టలు పేజీ తెరుస్తుంది. నిన్న పొద్దున నేను పక్కనే ఉన్నాను. వేలు ఆనించగానే పేజీ వచ్చేసింది. వెయిటింగ్ ఒకటి అని ఉంది.

"ఇప్పుడు బాగా తెరుచుకుంటాండాది అప్పా," అని చెప్పి బస్సెక్కింది. దీపావళికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.