బండి కదిలింది, మాట ఈడనే దిగింది

ఎర్రగుంట్లలో సిమెంటు లోడుకు లారీలు వరసలో నిలబడితే, నంబరు పిలిచేదాకా డ్రైవర్లకు పనుండదు. ఆ వరస పక్కన లోడు చీటీలు రాసుకుంటూ ఇరవై ఐదేండ్లు గడిపినవాణ్ణి, కోతలు కోయకుండా ఎట్లుండగలను? సిమెంటు దుమ్ములో పొర్లిన కుక్క మీద వాన పడి, దాని తోక గట్టిపడి ఆర్నెల్లు ఊపలేకపోయిందని చెప్పినాను. పాపం, యజమాని కనబడితే కుక్కే మొత్తం ఊగేదన్నాను. ఎవరూ కాదనలేదు. మాకో పద్ధతి ఉండాది. ఎంత పెద్ద కోత కోసినా చివర్లో "బండి కదిలింది, మాట ఈడనే దిగింది" అనాల్సిందే. ఆ మాట పడిందంటే చెప్పిందంతా ఉత్తదని, ఎవరూ ఇంటికి మోసుకుపోకూడదని అర్థం.

కడపలో పోడ్‌కాస్ట్ నడిపే ఒకమ్మాయి లారీల దగ్గరి కథలు కావాలని వచ్చింది. గదిలో ఫ్యాను కూడా ఆపించి, రెండు గంటలు నాచేత మాట్లాడించింది. కుక్క కథ అయినాక ఊపులో మా అక్క కొడుకు కథ కూడా చెప్పేసినాను. అక్కావాళ్ళు కోసిగి నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయినప్పుడు, మూడేండ్ల పిల్లోడు తప్పిపోయి గూడ్సు ఎక్కినాడని, స్టేషన్లలో పెట్టిన అన్నం తిని పెరిగినాడని, ఇప్పుడు ఆ గూడ్సుకే గార్డయి మా జంక్షన్లో నాకు పచ్చజెండా ఊపుతాడని.

కొన్ని వారాలకు ఫోనులోకి ఒక ఉత్తరం వచ్చింది.

"అన్నా, మన సంభాషణను నలభై నిమిషాలకు కుదించాను. ఆడియో, అందులోని మాటల రాతప్రతి జత చేశాను. ఏమేం తీసేశానో కింద రాశాను. విని, ప్రచురించడానికి రాతపూర్వకంగా సమ్మతి తెలపండి. వద్దనుకున్న భాగం ఉంటే చెప్పండి, తీసేస్తాను. విడుదలకు ముందు ఎప్పుడైనా మీరు మనసు మార్చుకోవచ్చు. విడుదలయ్యాక నేను తొలగించినా, ఇతరులు డౌన్‌లోడ్ చేసుకున్న కాపీలు నా చేతిలో ఉండవు. మీరు ప్రస్తావించిన కుటుంబ సభ్యులకు ఈ సంగతి తెలుసా?"

విన్నాను. దగ్గులు లేవు, హారన్లు లేవు, శుభ్రంగా ఉంది. తీసేసిన వాటి పట్టీలో ఒకచోట "కథల చివర పదే పదే వచ్చే ఊతమాట" అని రాసింది. ఆ పిల్ల తప్పేం లేదు, దాని సంగతి నేనే చెప్పలేదు. ఆ మాట పోయేసరికి కుక్క కథ కోతగానే మిగిలింది గానీ, పిల్లోడి కథ నిజమై కూచుంది.

నిజం వేరే. ఆ పిల్లోడు తిరుగుదారిలో, జ్వరంతో, అక్క ఒళ్ళోనే పోయినాడు. పేరైనా తెలియని ఊరి పక్కన పూడ్చి వచ్చినారు. ఇన్నేండ్లుగా వాణ్ణి నేను వరసలో బతికిస్తాండానని అక్కకు తెలియదు. ఉత్తరంలో చివర అడిగింది కూడా అదే. ఆదివారం కోసిగి పోయినాను.

అక్క చేటతో కందులు చెరుగుతాంది.

"ఏమప్పా, చెప్పాపెట్టకుండా వచ్చినావు? ఫ్యాక్టరీ గాని ఎగిరిపోయిందా?"

"ఒకటి వినిపించల్లక్కా."

"నీకు నోరు లేదా, ఫోను తీస్తాండావు?"

"నా నోటితో చెప్తే నువ్వు నమ్మవు."

వినిపించినాను. పచ్చజెండా దగ్గర చేట ఆగింది.

"ఇంగోసారి పెట్టు."

మళ్ళీ పెట్టినాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"ఏం రంగు చొక్కా వేసుకుంటాడు?" అనింది.

కుక్క తోకను గట్టిపరిచిన నోరు నాది. "తెల్లది" అని మాత్రమే అనగలిగినాను.

"శానా మాపుతాడు. చిన్నప్పుడూ అంతే."

ఉత్తరం చదివి వినిపించినాను. ఇది బయటికి పోతే ఎవరైనా వింటారు, నిజమనుకుంటారు అన్నాను. అక్క చేటలో రాళ్ళు ఏరుతూ ఆలోచించింది.

"ఎవరో నమ్మి ఈడికొచ్చి, నీ కొడుకు యాడుండాడమ్మా అంటే నేనేం చెప్పల్ల? ఆ పాపకు రాసి, తీసేయమను."

"తీయిస్తానక్కా. వరసలో కూడా ఇంక చెప్పను."

"వాళ్ళకు చెప్పొద్దు. నాకు చెప్పు."

ఆ రోజే రాసినాను: పిల్లోడి భాగం మొత్తం, ఆడియోలోనూ రాతప్రతిలోనూ తీసేయండి, అది జరగలేదు; కుక్క కథ చివర మా మాట తిరిగి పెట్టండి. ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు. మార్చిన ఆడియో, కొత్త సమ్మతి పత్రం పంపింది. మొదటినుంచి చివరిదాకా విని, సంతకం చేసి పంపినాను.

మొన్న కోసిగి పోతే అక్క నీళ్ళ చెంబు అందిస్తూ అడిగింది, "ఈ తూరి యాడిదాకా పోయినాడు?"

గుంతకల్లు దాటినాడని మొదలుపెట్టినాను. చానాసేపు చెప్పినాను. చివర్లో అనాల్సిన మాట మాత్రం అనలేదు.