డెబ్బై అక్షరాల్లో శుక్రవారం

పోర్ట్ బ్లెయిర్‌లో మత్స్యశాఖ నోటీసులను హిందీ నుంచి తెలుగులోకి మార్చి జాలర్ల ఫోన్లకు పంపడం, కౌంటర్‌లో వాళ్ల కాగితాలు తీసుకోవడం నా పని. మా ఆయన అప్పటికి ఎనిమిది రోజులుగా సముద్రంలో ఉన్నాడు. రోజూ ఆయనకు ఫోన్ చేసేదాన్ని, కలిసేది కాదు.

ఆ బుధవారం వచ్చిన హిందీ నోటీసు చాలా పెద్దది. తెలుగులో ఒక మెసేజ్‌కి డెబ్బై అక్షరాలే, గుణింతాలూ ఒత్తులూ ఖాళీలూ కూడా లెక్కలోకే వస్తాయి. మర్యాద మాటలన్నీ తీసేసి, "ఎల్లుండిలోగా పడవ లైసెన్సు కాగితాలు ఇవ్వండి" అని రాశాను.

పక్క సీటులోని దీదీ చూసి తల అడ్డంగా ఊపింది. "ఎల్లుండి అంటే ఎప్పుడే? పడవోళ్లకి సిగ్నల్ దొరికేసరికి రేపో, పర్సో... అదే, ఎల్లుండో అయిపోద్ది. తారీఖ్ రాయి, టైమ్ రాయి."

నిజమే. మా ఆయనే దాన్ని గురువారం చదివితే శనివారం అనుకునేవాడు. మళ్లీ రాశాను: "పడవ లైసెన్సు కాగితాలు 14 శుక్రవారం సాయంత్రం 4లోగా ఆఫీసులో ఇవ్వండి". అరవై అయిదు అయ్యాయి. 'త్వరగా రా' అని ఆయన ఒక్కడికైనా చేర్చాలనిపించింది. మిగిలిన ఐదు అక్షరాల్లో అది పట్టలేదు. పట్టినా, అది అందరికీ వెళ్లే మెసేజ్.

శుక్రవారం మూడింటికి ఆయన కాగితాలతో నా కౌంటర్ ముందుకొచ్చాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. "సిగ్నల్ రాగానే చూశాను. నువ్వే రాశావా?" అని అడిగాడు. ఆయన వెనక లైను పెద్దదిగా ఉంది. తలూపి, కాగితాలు తీసుకుని రసీదు మీద ముద్ర వేశాను. తెల్లారితే మళ్లీ వేటకు వెళ్తాడు. రసీదు అందిస్తూ ఆయన వేళ్లను క్షణంసేపు వదల్లేదు.